హోమ్ లోన్‌కి ముందుగా డబ్బు కడుతున్నారా? "మీ ఈఎంఐ తగ్గింది" అని మెసేజ్ వస్తే సంబరపడకండి

విశాఖలో ఫ్లాట్ కొని లోన్ కడుతున్నవాళ్లలో చాలామంది బోనస్ వచ్చినప్పుడో, చిట్టీ పాడుకున్నప్పుడో, ఊళ్లో పొలం అమ్మినప్పుడో కొంత డబ్బు తీసుకెళ్లి లోన్‌కి కట్టేస్తుంటారు. మంచి పనే. కానీ కట్టేముందు ఈఎంఐ తగ్గాలా, లోన్ కాలం తగ్గాలా అన్న ఒక్క విషయం కాగితం మీద తేల్చుకోకపోతే ఆ డబ్బుతో రావాల్సిన లాభంలో సగానికి పైగా పోతుంది. మా బ్యాంకుతో నాకు ఎదురైంది అదే. పేరు రాయడం లేదు. ఇది ఒక్క బ్యాంకుకే పరిమితమైన వ్యవహారం కాదు.

మా ఫ్లాట్ మధురవాడలో. లోన్ ఫ్లోటింగ్ రేటు, 8.5 శాతం. బ్యాలెన్స్ 35 లక్షలు, ఇంకా 15 ఏళ్లు అంటే 180 వాయిదాలు, ఈఎంఐ 34,466. చోడవరం దగ్గర మా పొలంలో నా వాటా అమ్మగా వచ్చిన దాంట్లోంచి 5 లక్షలు లోన్‌కి జమ చేశాను. ఈఎంఐ అలాగే ఉంచి కాలం తగ్గించమని కౌంటర్లో చెప్పాను కూడా. అక్కడి అబ్బాయి "అలాగే సార్" అన్నాడు. కొన్ని రోజులకి మెసేజ్: వచ్చే నెల నుంచి మీ ఈఎంఐ 29,542.

ఇంట్లో అందరికీ ఆనందమే, నెలకి దాదాపు ఐదు వేలు మిగులుతోంది కదా. నాకు అనుమానం వచ్చి కొత్త రీపేమెంట్ షెడ్యూల్ తెప్పించి చివరి పేజీ తిప్పాను. ఆఖరి వాయిదా తేదీ పాత షెడ్యూల్‌లో ఉన్నదే. ఒక్క నెల కూడా ముందుకు జరగలేదు. బ్రాంచికి వెళ్లి అడిగితే "సిస్టమ్‌లో మామూలుగా ఈఎంఐయే తగ్గుతుందండీ, మీరు రాసివ్వలేదు కదా. అయినా ఐదు వేలు తగ్గితే మంచిదే కదా సార్" అన్నారు.

మంచిదా కాదా అన్నది లెక్క చూస్తే తెలుస్తుంది. 5 లక్షలు కట్టకముందు ఒక నెల తీసుకోండి. 35 లక్షల మీద 8.5 శాతం చొప్పున ఆ నెల వడ్డీ 24,792. ఈఎంఐ 34,466లో అది పోగా అసలు కింద తీరేది 9,674. ఇప్పుడు 5 లక్షలు కట్టాం, బ్యాలెన్స్ 30 లక్షలైంది, నెల వడ్డీ 21,250కి దిగింది. పాత ఈఎంఐ అలాగే కడితే అసలు కింద నెలకి 13,216 తీరుతుంది. లోన్ వేగంగా కరగడం అంటే ఇదే. బ్యాంకు చేసినట్టు ఈఎంఐ 29,542కి దించేస్తే అసలు కింద తీరేది 8,292 మాత్రమే. అంటే 5 లక్షలు కట్టకముందు నెలకి ఎంత అసలు తీరుస్తున్నామో, కట్టాక అంతకంటే తక్కువ తీరుస్తున్నాం! ఈ ఒక్క అంకె చూశాకే నేను గొడవకి దిగాను.

చివరిదాకా లెక్కేస్తే, రేటు ఇలాగే ఉందనుకుంటే, తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. ఏమీ కట్టకుండా ఉంటే ఈ 15 ఏళ్లలో వడ్డీ సుమారు 27.04 లక్షలు. ఈఎంఐ మార్చకుండా కాలం తగ్గించుకుంటే 180 వాయిదాలు కాస్తా 136 అవుతాయి, ఆఖరిది కొంచెం చిన్నది. అంటే పదిహేనేళ్లకి బదులు 11 ఏళ్ల 4 నెలల్లో లోన్ అయిపోతుంది. వడ్డీ 16.8 లక్షలు, మిగిలేది పది లక్షల పైమాటే. ఈఎంఐ తగ్గించుకుంటే వడ్డీ 23.18 లక్షలు, మిగిలేది 3.86 లక్షలు. కట్టిన 5 లక్షలు అవే, తేడా ఆరు లక్షల పైన.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఈ ఆరు లక్షలు ఏదో మాయవల్ల రావు. కాలం తగ్గించుకునే పద్ధతిలో మనం నెలనెలా 4,924 ఎక్కువ కడుతూనే ఉన్నాం, అది అసలులోకి పోతోంది, అందుకే వడ్డీ తగ్గుతోంది. ఈఎంఐ తగ్గించుకున్నవాళ్లు కూడా ఆ 4,924 ప్రతి నెలా వదలకుండా లోన్‌కే అదనంగా కడితే సరిగ్గా అదే 136వ వాయిదాకి లోన్ తీరిపోతుంది. పైగా చేతిలో డబ్బాడని నెల ఆ అదనం ఆపేసే వెసులుబాటు కూడా ఉంటుంది. కాగితం మీద ఇదే మెరుగైన పద్ధతి. కానీ మిగిలిన ఐదు వేలు ఎవరింట్లో ఉంటాయండీ? స్కూల్ ఫీజులో, కొత్త బండి వాయిదాలో కలిసిపోతాయి. దానికి తోడు కొన్ని సంస్థలు చిన్న మొత్తాలు పార్ట్ పేమెంట్‌గా తీసుకోవు, కనీసం ఒకట్రెండు ఈఎంఐలంత ఉండాలంటాయి. అలాంటి చోట ఆ మొత్తాన్ని ఆర్‌డీలో పోగేసి ఏడాదికోసారి కట్టాలి. అంత పట్టుదల ఉందనుకుంటే ఈఎంఐ తగ్గించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు లేదు కాబట్టి కాలం తగ్గించుకోవడమే నయమనుకున్నాను.

మరి ఈఎంఐ తగ్గించుకోవడమే సరైనవాళ్లు ఎవరు? ఇంట్లో ఇద్దరి జీతాల మీద లోన్ తీసుకుని ఇప్పుడు ఒకరు ఉద్యోగం మానేసినవాళ్లు. ఆరు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు పక్కన లేనివాళ్లు. త్వరలో ఇంకో లోన్ కావాల్సినవాళ్లు కూడా. బ్యాంకు కొత్త లోన్ ఇచ్చేటప్పుడు జీతంలో ఇప్పటికే ఎంత భాగం ఈఎంఐలకి పోతోందో చూస్తుంది, ఎన్నేళ్లు మిగిలాయన్నది అంత పట్టించుకోదు. అదే గాజువాకలో మా బంధువుకైతే ఎదురు లెక్క. లోన్ ముగియడానికి నాలుగేళ్లు ముందే ఆయన రిటైర్ అవుతున్నారు. ఆయన ఈఎంఐ తగ్గించుకుంటే పెన్షన్‌లోంచి కట్టాల్సిందే. ఆయనకి నెలకి ఎంత మిగులుతుందన్నది ముఖ్యం కాదు, ఆఖరి వాయిదా ఏ తేదీన పడుతుందన్నదే ముఖ్యం.

కాలం తగ్గించుకునేవాళ్లకి కూడా ఒక హెచ్చరిక. ముందుగా కట్టిన డబ్బు అడ్వాన్స్ ఈఎంఐ కాదు. మా ఆఫీసులో ఒకాయన "ఐదు లక్షలు కట్టేశాం కదా, ఏడాదిపాటు వాయిదా ఆగిపోయినా ఫర్వాలేదు" అనుకున్నాడు. అలా ఉండదు. 5 లక్షలు కట్టిన మరుసటి నెల కూడా 34,466 అకౌంట్లో ఉండాల్సిందే. లేకపోతే వాయిదా బౌన్స్ అవుతుంది, చార్జీలు పడతాయి, సిబిల్ స్కోర్ దెబ్బతింటుంది. కట్టిన డబ్బు మళ్లీ వెనక్కి తీసుకోవడం మామూలు లోన్‌లో కుదరదు. చేతిలో ఉన్నదంతా ఊడ్చి కట్టొద్దని చెప్పేది అందుకే.

ఇక నా సంగతి. మా బ్రాంచివాళ్లు మొదట "ఈసారికి ఇలా ఉంచండి, వచ్చేసారి చూద్దాం" అన్నారు. రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టు సర్క్యులర్ ప్రస్తావిస్తే, అది వడ్డీ రేటు మారినప్పటి సంగతి అన్నారు. ఆ మాట కొంతవరకు నిజమే. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, కాలం పెంచాలా, రెండూ కొంచెం కొంచెమా అన్నది ఎంచుకునే అవకాశం మనకివ్వాలని అందులో ఉంది. లోన్ నడుస్తున్నప్పుడు ఎప్పుడైనా కొంతగానీ పూర్తిగాగానీ ముందే కట్టుకోవచ్చని కూడా ఉంది. కానీ అలా కట్టినప్పుడు ఏది తగ్గించాలో అందులో విడిగా చెప్పలేదు, అది లోన్ అగ్రిమెంట్‌ని బట్టి, బ్యాంకు పాలసీని బట్టి ఉంటుంది. అందుకే నోటిమాట పనికిరాదు. అదే సర్క్యులర్ ప్రకారం మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ ఇవ్వాలి, ఇంకా ఎన్ని ఈఎంఐలు మిగిలాయో అందులో ఉండాలి. నా వాదనకి బలం దొరికింది అక్కడే: 5 లక్షలు కట్టిన తర్వాతి స్టేట్‌మెంట్‌లో మిగిలిన వాయిదాలు మామూలుగా నెల నెలకి ఒక్కొక్కటే తగ్గాయి తప్ప, నలభై నాలుగు ఎగిరిపోలేదు.

లోన్ నాదీ మా ఆవిడదీ ఉమ్మడిగా ఉంది కాబట్టి ఇద్దరం సంతకాలు పెట్టి ఉత్తరం రాసిచ్చాం. అందులో ఒక్క వాక్యమే ముఖ్యం: "ఈఎంఐ 34,466 యథాతథంగా ఉంచి, ఫలానా తేదీన జమ చేసిన 5 లక్షలను పూర్తిగా అసలు కింద సర్దుబాటు చేసి, కాలవ్యవధి తగ్గించి, సవరించిన షెడ్యూల్ ఇవ్వవలెను." కాపీ మీద రిసీవ్డ్ స్టాంపు, తేదీ వేయించుకున్నాం. వాళ్లు మళ్లీ కదలకపోతే బ్యాంకు గ్రీవెన్స్ విభాగానికి మెయిల్, 30 రోజుల్లో తేలకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు అని అదే ఉత్తరం కింద రాశాం. అంతదూరం పోనక్కర్లేకపోయింది. గ్రీవెన్స్ మెయిల్ దగ్గరే సర్దుబాటు చేశారు. ఈలోగా ఒక వాయిదా 29,542 చొప్పున కట్ అయిపోయింది, ఆ తేడా నేనే విడిగా లోన్‌కి జమ చేశాను.

మీరు కట్టబోయేముందు ఆ ఉత్తరం ఇచ్చేయండి, కట్టాక కాదు. యాప్‌లో కడుతుంటే "రెడ్యూస్ టెన్యూర్", "రెడ్యూస్ ఈఎంఐ" అన్న ఆప్షన్ ఉందో లేదో చూడండి, ఉంటే ఆ పేజీ స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. ఆప్షన్ ఏదీ లేకుండా డబ్బు తీసేసుకుంటే, అది అసలులోకి పోయిందా లేక వచ్చే వాయిదాల కోసం పక్కన పెట్టారా అన్నది మరుసటి రోజు బ్యాలెన్స్ చూస్తే తెలిసిపోతుంది. బ్యాలెన్స్ సరిగ్గా 5 లక్షలు దిగాలి. వడ్డీ రోజువారీ బ్యాలెన్స్ మీద లెక్కేసే లోన్ అయితే ఎప్పుడు కట్టినా ఆ రోజు నుంచే లాభం. ప్రీపేమెంట్ చార్జీ అని ఎవరైనా అడిగితే ఇవ్వకండి: వ్యక్తుల పేరిట ఉన్న ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌కి ఆ చార్జీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది.

"వడ్డీ తగ్గిపోతే ట్యాక్స్ మినహాయింపు పోతుంది కదా" అని నన్ను ఆపబోయినవాళ్లు కూడా ఉన్నారు. పాత పద్ధతిలో ట్యాక్స్ కట్టేవాళ్లకి, సొంతంగా ఉంటున్న ఇంటికి వడ్డీ మినహాయింపు ఒక్కరికి ఏడాదికి 2 లక్షల వరకే. నా 30 లక్షల బ్యాలెన్స్ మీద మొదటి ఏడాది వడ్డీ ఇంకా 2.49 లక్షల దాకా ఉంది, కాబట్టి మినహాయింపు నేనొక్కడినే చూపిస్తే ఇప్పట్లో పోయేదేం లేదు. కొత్త పద్ధతిలోకి మారినవాళ్లకైతే ఉంటున్న ఇంటి మీద ఆ మినహాయింపే లేదు.