ఐదు లీటర్ల దగ్గర ఎంత శాతం? మా ఆస్పత్రి ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ల సంగతి

అనంతపురం జిల్లాలో ముప్పై పడకల ఆస్పత్రి మాది. గదిలోని గాలి నుంచే ఆక్సిజన్‌ను వేరు చేసి ఇచ్చే యంత్రాలు ఈ కాన్సెంట్రేటర్లు. 2021 రెండో వేవ్‌లో హడావుడిగా వచ్చిన వాటినీ, ఆ తరువాత మేమే నిబంధనలు రాసుకుని కొన్న వాటినీ ఏళ్ల తరబడి వాడిన మీదట ఇది రాస్తున్నాను. బరువు, చప్పుడు, చక్రాల వంటివి ఏ కరపత్రంలోనైనా దొరుకుతాయి కనుక వాటి జోలికి వెళ్లను. నాకు మక్కువ కలిగించినది ఒక్కటే: యంత్రం నుంచి వచ్చే గాలిలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో లోపలే కొలిచి, తగ్గితే దీపం వెలిగించి అలారం మోగించే సెన్సర్. ఇది లేని యంత్రాన్ని ఉచితంగా ఇచ్చినా నేను తీసుకోను.

ఆ పట్టుదలకు కారణం మొదటి విడత యంత్రాల్లో ఒకటి. కరోనా తగ్గాక దాన్ని స్టోరులో పెట్టారు. వానాకాలమంతా అది అక్కడే ఉంది. మరుసటి ఎండాకాలంలో ఆయాసంతో వచ్చిన ఒక పెద్దాయనకు దాన్ని పెట్టారు. ధారను చూపే ఫ్లోమీటర్‌లో బంతి నిమిషానికి ఐదు లీటర్ల గీత మీద కదలకుండా నిలిచింది, ఏ అలారమూ మోగలేదు. అయినా ఆయన ఎస్‌పీఓ2, అంటే రక్తంలోని ఆక్సిజన్ శాతం, పెరగలేదు. సిలిండర్‌కు మార్చగానే పెరిగింది. స్టాఫ్ నర్సు వచ్చి, "సార్, మిషన్ బాగానే తిరుగుతోంది కానీ గాలే వస్తున్నట్టుంది" అన్నారు. ఆవిడ చెప్పింది చాలా వరకు నిజమే.

పొరుగు ఆస్పత్రి నుంచి ఆక్సిజన్ ఎనలైజర్ తెప్పించి కొలిచాము. రెండు లీటర్ల దగ్గర 95 శాతం వచ్చింది, మూడు దగ్గర 89, ఐదు దగ్గర 72. లెక్క వేసి చూస్తే దీని అర్థం తెలుస్తుంది. మామూలు గాలిలోనే 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది కనుక, రోగికి అదనంగా అందేది 72లో 21 తీసివేయగా మిగిలిన 51 శాతమే, అంటే ఐదు లీటర్లలో సుమారు రెండున్నర లీటర్లు. 93 శాతం ఇచ్చే యంత్రమైతే ఆ మాత్రం అదనం మూడున్నర లీటర్ల దగ్గరే అందేది. కేసు షీటులో ఐదు అని రాస్తున్నా రోగికి చేరుతున్నది మూడున్నర లీటర్ల ఫలితమే.

లోపల జియోలైట్ రేణువులు నింపిన గొట్టాలు ఉంటాయి. ఒత్తిడి పెట్టిన గాలిలోని నత్రజనిని అవి పట్టుకుంటాయి, ఆక్సిజన్ ముందుకు పోతుంది. అయితే జియోలైట్‌కు నత్రజని కంటే నీటి ఆవిరి మీద మక్కువ ఎక్కువ. వాడకుండా తేమలో ఉంచిన యంత్రంలో రేణువుల్లో కొంత భాగం నీటితో నిండిపోతుంది, నత్రజనిని పట్టుకునే చోటు తగ్గుతుంది. తక్కువ ధార తీసుకున్నప్పుడు మిగిలిన రేణువులు సరిపోతాయి కనుక లోపం బయటపడదు. కంప్రెసర్ మాత్రం ఎప్పటిలాగే ఒత్తిడి పుట్టిస్తుంది కనుక ఒత్తిడి అలారం మోగదు. బంతి గాలి పరిమాణాన్ని చూపిస్తుంది తప్ప అందులో ఏముందో చెప్పదు. సెన్సర్ లేని యంత్రంలో ఈ జబ్బును మొదట కనిపెట్టేది రోగి శరీరమే.

అందుకే తరువాతి కొనుగోలుకు నిబంధనలు రాసేటప్పుడు "93 శాతం స్వచ్ఛత" అన్న మాటతో సరిపెట్టుకోలేదు. ఏ ధార దగ్గర, ఏ వేడిలో అన్నది లేకపోతే ఆ అంకెకు విలువ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రచురించిన సాంకేతిక నిర్దేశాల్లో 82 శాతం అన్న హద్దు ఉంది. దాన్ని పట్టుకుని, పూర్తి ఐదు లీటర్ల ధార దగ్గర, 40 డిగ్రీల వేడిలో కూడా 82కు తగ్గకూడదనీ, తగ్గితే కనిపించేలా, వినిపించేలా హెచ్చరిక రావాలనీ రాశాము. దానికి కింద మరో వాక్యం చేర్చాము: పరీక్ష మా వార్డులో, మధ్యాహ్నం పూట, ప్రతి యంత్రం మీదా జరుగుతుంది, స్వీకృతి పత్రం మీద సంతకం పడ్డాకే బిల్లు కదులుతుంది, వారంటీ కూడా ఆ తేదీ నుంచే మొదలవుతుంది. నిజానికి ధర తగ్గించడం కంటే ఈ వాక్యమే మాకు ఎక్కువ మిగిల్చింది.

నాలుగు యంత్రాలు వచ్చిన రోజు ముందు ఎనలైజర్‌ను పరీక్షించాము. బయటి గాలిలో 20.9 చూపాలి, సిలిండర్ ఆక్సిజన్ మీద వందకు దగ్గరగా చూపాలి. కాన్సెంట్రేటర్ మీద అది 99 చూపితే సంతోషించకూడదు. గాలిలో కొద్దిగా ఉండే ఆర్గాన్ వాయువును ఆక్సిజన్ నుంచి వేరు చేయడం జియోలైట్‌కు చేతకాదు కనుక ఎంత మంచి యంత్రమైనా 95, 96 దాటదు. అంతకు మించితే తప్పు ఎనలైజర్‌దే. తరువాత సీరియల్ నంబర్లను చలానాతో సరిచూసి, యంత్రం అప్పటికి ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటర్ చదివాము. కొత్త యంత్రంలో ఆ అంకె చాలా చిన్నదిగా ఉండాలి. వందల్లో ఉంటే అది ఎక్కడో తిరిగి వచ్చినదే. ఫ్లోమీటర్‌ను నమ్మవచ్చో లేదో తేల్చడానికి లీటరు సీసాను నీళ్లతో నింపి బకెట్‌లో బోర్లించి, గొట్టం మూతి లోపలికి పెట్టాము. ఐదు లీటర్ల ధార నిజమైతే 12 సెకన్లలో సీసా ఖాళీ కావాలి. చివరగా, నడుస్తుండగానే ప్లగ్ పీకితే కరెంటు పోయిన అలారం మోగాలి.

స్వచ్ఛతను ఆక్సిజన్‌కు తేమ చేర్చే సీసాకు ముందే, యంత్రం మూతి దగ్గర కొలిచాము. మొదటి అరగంటలో నాలుగూ 93కు అటూ ఇటూగా ఉన్నాయి. సరఫరాదారు మనిషి కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. మేము ఆపలేదు. వార్డులో వేడి 41 డిగ్రీలకు చేరాక మూడు యంత్రాలు ఒకటి, రెండు అంకెలు దిగి అక్కడే నిలబడ్డాయి. నాలుగోది 90, తరువాత 86, రెండు గంటలు దాటేసరికి 80. దాని హెచ్చరిక దీపం వెలిగింది, అలారం మోగింది.

"మా ఆఫీసులో పెడితే తొంభై మూడు చూపించింది సార్" అన్నాడతను. ఏసీ గదిలో చూపించే ఉంటుంది, కాదనను. మూత విప్పించి చూస్తే, కంప్రెసర్ నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే ఫ్యాన్ వైరు ప్రయాణంలో ఊడిపోయి ఉంది. వేడెక్కిన జియోలైట్ నత్రజనిని తక్కువగా పట్టుకుంటుంది. వైరు పెడితే సరిపోతుందని అతను వాదించాడు, కావచ్చు. అయినా నిబంధన ప్రకారం వేరే యంత్రం తెప్పించుకుని, దానికీ అదే పరీక్ష చేశాకే సంతకం పెట్టాము.

సెన్సర్‌ను ఇంతగా మెచ్చుకున్నాను కానీ, వాడుతున్న కొద్దీ దాని హద్దు కూడా తెలిసింది. 82 దాటి ఉన్నంత కాలం ఆకుపచ్చ దీపమే వెలుగుతుంది. ఒక యంత్రం 94 నుంచి మెల్లగా 87కు దిగిన కాలమంతా దీపం రంగు మారలేదు. మా ప్రాంతపు ఎర్ర దుమ్ము లోపలి ఫిల్టర్‌ను మూసేసిందని తెలిసి దాన్ని మార్చాక 91కి వచ్చింది. వెనుక ఉన్న బయటి ఫిల్టర్‌ను వారం వారం కడుగుతున్నా లోపలిదాని సంగతి ఎవరూ పట్టించుకోరు. అందుకని మూడు నెలలకోసారి ఐదు లీటర్ల దగ్గర ఎనలైజర్‌తో కొలిచి, యంత్రానికే కట్టిన కార్డు మీద రాస్తున్నాము. ఎవరికీ అవసరం లేని రోజుల్లోనూ వాటిని అప్పుడప్పుడు నడుపుతున్నాము.

సిలిండర్ నింపించుకోవడానికి దూరం వెళ్లాల్సిన మా వంటి చోటుకు ఈ రకం యంత్రం సరిపోయింది, మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను. సొంత ఆక్సిజన్ ప్లాంటు, పైపులైను ఉన్న పెద్ద ఆస్పత్రికి ఇంత పరీక్ష అవసరమో కాదో వారే చెప్పాలి. కరెంటు తరచూ పోయే చోట ఏ కాన్సెంట్రేటర్‌కైనా పక్కన నిండు సిలిండర్ ఉండాల్సిందే; వోల్టేజీ పడిపోయే చోట స్టెబిలైజర్‌ను కూడా అదే ఆర్డరులో అడగాలి. ఎనలైజర్‌ను కూడా అదే ఆర్డరులో చేర్చడం మంచిది, కానీ మా దాని లాంటి సెల్ రకమైతే కొన్నాళ్లకు సెల్ అయిపోతుంది కనుక, మార్పు సెల్ ధరను ముందే కొటేషన్‌లో రాయించుకోవాలి.