టర్మ్ పాలసీ స్లైడ్లు చేయించుకునే ఏజెంట్లూ, జాగ్రత్త

"మీ పేజీకి క్యారసెల్ చేసిపెడతాం" అంటూ ఏజెంట్ల గ్రూపులన్నింటిలో తిరిగే ఆ పెద్దమనిషి ఎవరో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. రంగులూ అక్షరాలూ చూసి నేనూ పడిపోయాను. టర్మ్ పాలసీ అంటే ఏమిటో చెప్పే 8 స్లైడ్లకు 6,500 రూపాయలు, మొత్తం ముందుగానే ఇచ్చాను. పేజీ పాస్‌వర్డ్ కూడా నా చేతులతో నేనే ఇచ్చాను. అంతటి తెలివైనవాణ్ని మరి!

మాటలన్నీ నేనే రాసి పంపాను. లాభం అనే మాట రాకూడదు, తొందరపెట్టే మాట రాకూడదు, చదివినవాళ్లకు విషయం అర్థమైతే చాలు అని రెండుసార్లు చెప్పాను. మూడో స్లైడులో ఒక ఉదాహరణ పెట్టాను. 35 ఏళ్ల ఎలక్ట్రీషియన్ 25 ఏళ్లకు 50 లక్షల కవర్ తీసుకున్నాడు. లెక్క తేలికగా ఉండడానికి ప్రీమియం ఏడాదికి 9,000 అనుకుందాం. దాని కింద రెండే వాక్యాలు: "ఈ 25 ఏళ్లలో ఆయన మరణిస్తే నామినీకి 50 లక్షలు అందుతాయి. గడువు ముగిసేనాటికి జీవించి ఉంటే ఏమీ రాదు, కట్టిన ప్రీమియం కూడా తిరిగి రాదు." ఈ రెండో వాక్యం చెప్పడానికే నేను డబ్బు పెట్టి స్లైడ్లు చేయించుకున్నాను.

శుక్రవారం రాత్రి నాకు చూపించకుండానే పేజీలో పెట్టేశాడు. శనివారం పొద్దున్నే పాత కస్టమర్ ఫోను. "అన్నా, నా 50 లక్షలు ఏ సంవత్సరంలో వస్తాయి?" గుండె ఝల్లుమంది. తెరిచి చూస్తే మూడో స్లైడు నిండా పెద్ద అక్షరాలు: "కట్టేది 2.25 లక్షలు, పొందేది 50 లక్షలు!" రెండో వాక్యం మాయం.

ఫోను చేసి అడిగితే ఏమన్నాడో చూడండి. "ఆ వాక్యం నిరుత్సాహంగా ఉంది సార్, తీసేశాను. లెక్క తప్పా, చెప్పండి?"

లెక్క తప్పు కాదు. 9,000 చొప్పున 25 ఏళ్లకు 2.25 లక్షలే. నాకు ఒళ్లు మండింది అక్కడే. కట్టేవాడు ఒకడు, అతడు పోయాక పొందేవాళ్లు వేరు. ఆ ఇద్దరినీ ఒక్క వరుసలో కూర్చోబెట్టి, మధ్యలో ఉన్న చావును చెరిపేస్తే బ్యాంకు డిపాజిట్టులా కనిపించక ఏమవుతుంది? "డబ్బు వెనక్కి వచ్చే టర్మ్ పాలసీలు కూడా ఉన్నాయిగా" అని నాకే పాఠం చెప్పాడు. ఉన్నాయి. వాటికి ప్రీమియం బాగా ఎక్కువ, గడువు దాటాక వచ్చేది కట్టిన ప్రీమియమే, దానిమీద వడ్డీ ఉండదు. నా ఉదాహరణ వాటి గురించి కాదు.

ఆరో స్లైడు ఇంకా ఘోరం. చేరేనాటి వయసు, ఆరోగ్యం, పొగతాగే అలవాటును బట్టి ప్రీమియం నిర్ణయమవుతుందనీ, మామూలు టర్మ్ పాలసీలో ఆ తర్వాత వయసు పెరిగినా అది పెరగదనీ, షుగరో సిగరెట్టో దాచిపెడితే రేపు క్లెయిమ్‌కు చిక్కు వస్తుందనీ రాసిచ్చాను. ఆయన మిగిల్చింది: "వయసుతో పాటు ప్రీమియం పెరుగుతుంది, ఈ రాత్రే తీసుకోండి!" పక్కన కళ్లు తుడుచుకుంటున్న తల్లీ పిల్లల బొమ్మ.

మార్చమంటే కోపం వచ్చింది ఆయనకు. "భయమో ఆశో లేకుండా ఇన్సూరెన్స్ ఎవరు కొంటారండీ? మీరు ఇన్నేళ్లయినా అక్కడే ఎందుకున్నారో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. నా డబ్బు పుచ్చుకుని, నా పేజీలో నా పేరుతో అబద్ధం పెట్టి, పైగా నాకే జాతకం చెప్పాడు. డబ్బు తిరిగి ఇమ్మంటే "పని పూర్తయింది" అని ఫోను పెట్టేశాడు.

పోస్టు తీసేశాను. ఆ లోపే ఎవరో దాని ఫొటో మా బ్రాంచికి పంపారు. ఏజెంటు పెట్టే ప్రకటనకు కంపెనీ రాతపూర్వక అనుమతి ముందే ఉండాలని ఐఆర్‌డీఏఐ నిబంధన. నేను అనుమతికి పంపకముందే అది బయటికి వెళ్లింది. లైసెన్సు నాది కాబట్టి సంజాయిషీ కూడా నేనే రాసిచ్చుకోవాలి. ఆయనకు ఏం పోయింది?

కాబట్టి పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి. ముందు మాటలకు బ్రాంచి అనుమతి, ఆ తర్వాతే బొమ్మలు. సగం డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. వచ్చిన స్లైడ్లలో "ఏమీ రాదు" అన్న వాక్యం ఉందో లేదో అన్నిటికన్నా ముందు వెతకండి.

ఆ కస్టమర్‌కు గంటసేపు నచ్చజెప్పాను. పాలసీ ఇచ్చిన రోజు చెప్పినదే మళ్లీ చెప్పాను. "అప్పుడు ఒకటి చెప్పావు, ఇప్పుడు నీ పేజీలో ఇంకొకటి ఉంది, ఏది నమ్మాలి?" అని అడిగాడు. ఆయన వార్షిక ప్రీమియం గడువు వచ్చే వారం. ఆపై 30 రోజుల గ్రేస్ ఉంటుంది. కట్టాలో వద్దో ఆలోచించి చెబుతానన్నాడు. రేపు వాళ్ల ఇంటికి వెళుతున్నాను.