పెళ్లి తర్వాత థాంక్స్: అందరికీ ఒకే మెసేజా, ఒక్కొక్కరికీ నాలుగు మాటలా?

మా పెళ్లయిన పదో రోజు చదివింపుల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. 140 పేర్లున్నాయి. మా ఆయన సులువైన దారి చెప్పారు: ఒక మెసేజ్ రాసుకుని, పేరూ బహుమతీ మాత్రం మార్చి పంపేద్దామని. "మీరిచ్చిన ఫలానాది మాకెంతో నచ్చింది, మీ రాకతో పెళ్లికి నిండుదనం వచ్చింది." ముప్పై మందికి వెళ్లిందో లేదో, మా పిన్ని ఫోన్ చేసింది. తనూ పెద్దమ్మా కాఫీ తాగుతూ ఫోన్లు పక్కపక్కన పెట్టి చూసుకున్నారట. "వెండి భరిణె తీసేసి కుక్కర్ పెట్టావు, అంతేగా అమ్మా!"

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ ఇంకా ఘోరం. మన నంబర్ సేవ్ చేసుకోని వాళ్లకి అది అసలు చేరదు.

అప్పుడు పద్ధతి మార్చాం. పుస్తకంలో ప్రతి పేరు పక్కన ఒక్క ముక్క రాసుకున్నాం: ఆ వస్తువు ఇప్పుడెక్కడుంది, లేదా ఆ రోజు ఆ మనిషి ఏం చేశారు. మెసేజ్ ఆ ముక్కతోనే మొదలవ్వాలి, థాంక్స్‌తో కాదు. బాబాయికి ఇలా రాశాను: "బాబాయ్, రెండో పంక్తిలో పెరుగు అయిపోతే నువ్వే బండేసుకుని వెళ్లి తెచ్చావని నిన్ననే నాన్న చెప్పారు. నువ్వు తిన్నావో లేదో కూడా ఎవరూ చూడలేదు." ఇందులో ధన్యవాదాలు అనే మాటే లేదు, అక్కర్లేదు కూడా. దగ్గరివాళ్లకి ఆ మాట రాస్తే "మనలో మనకి థాంక్స్ ఏంటి" అని నొచ్చుకుంటారు. ఆఫీసువాళ్లకీ, నాన్నగారి స్నేహితులకీ మాత్రం చివర్లో తప్పకుండా ఉండాలి.

చిక్కు వచ్చేది 1,116 రూపాయల కవర్ల దగ్గరే. అంకె రాయకూడదు. పోనీ మీ డబ్బుతో మిక్సీ కొన్నామని అందామా అంటే, నలభై మందికి అదే చెబితే అబద్ధమైపోతుంది. అలాంటప్పుడు డబ్బు సంగతి వదిలేసి మనిషి గురించి రాయడమే మేలు: రాత్రి బస్సులో వచ్చి ముహూర్తానికి అందుకున్నారనో, తలంబ్రాల ఫొటోలో వెనకాల నవ్వుతూ ఉన్నారనో. ఫొటోలు తిరగేస్తే ఇలాంటివి బోలెడు దొరుకుతాయి.

రోజుకి పది రాశాం, రెండు వారాలు పట్టింది. ఒకే ఇంటివాళ్లకి వరసగా రాయలేదు, ఎందుకంటే అప్పుడే మాటలు తెలియకుండా రిపీట్ అవుతాయి. చదవడం కష్టమైన అమ్మమ్మల వయసువాళ్లకి మెసేజ్ కంటే ఫోనే నయం.

పిన్నికి మళ్లీ రాశాను: "పిన్నీ, ఆదివారం పప్పు నీ కుక్కర్‌లోనే పెట్టాను. కందిపప్పుకి ఎన్ని విజిల్స్ రానివ్వాలి?" రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.