వన్‌డ్రైవ్‌లో ఎవరూ తెరవని ఆ ఒక్క పేజీ: రాన్సమ్‌వేర్ తగిలాక నా సమీక్ష

మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ సర్వీస్ వన్‌డ్రైవ్‌లో స్టోరేజీ ఎంత, ఏడాదికి ఎంత కట్టాలి అన్నవి అందరికీ తెలుసు, వాటి జోలికి పోను. సెట్టింగ్స్ లోపల `Restore your OneDrive` అని ఒక పేజీ ఉంది. ఏళ్ల తరబడి డబ్బు కడుతున్నవాళ్లలో కూడా దాన్ని తెరిచి చూసినవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ అనే వైరస్ తగిలినప్పుడు మా షాపు పని ఆగిపోకుండా కాపాడింది ఆ పేజీయే. అందుకే ఈ సమీక్ష అంతా దాని గురించే.

తెనాలిలో మాది శుభలేఖలు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపు. షాపులో రెండు కంప్యూటర్లు, ఇంట్లో ఒక లాప్‌టాప్, మూడింట్లోనూ ఒకటే ఖాతా. ఇక్కడ చేసిన కార్డు ఇంట్లో తెరిస్తే అప్పటికే అక్కడ ఉంటుంది. ఈ సింక్ వేగం చూసి తెలిసినవాళ్లందరికీ వన్‌డ్రైవ్ పెట్టుకోమని చెప్పాను. ఇప్పటికీ చెబుతాను, కాకపోతే ఆ వేగం మంచి ఫైలుకీ పాడైన ఫైలుకీ ఒకటే అని కలిపి చెబుతున్నాను.

మాఘమాసం ముహూర్తాలు, ఊపిరాడని పని. మా దగ్గర డిజైనింగ్ చేసే అబ్బాయి తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ ఒకటి ఫ్రీగా దొరికిందని, డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీ, అంటే క్రాక్ దించి రన్ చేశాడు. ముందు విండోస్ అప్‌డేట్ అవుతున్నట్టు ఒక కిటికీ వచ్చింది. కాసేపటికి, "అన్నా, కార్డులన్నిటికీ తెల్ల ఐకాన్ వచ్చింది, తెరుచుకోవట్లేదు" అన్నాడు. చూస్తే `pelli_card_final.cdr` లాంటి ప్రతి పేరు చివరా కొత్తగా నాలుగక్షరాల తోక. ప్రతి ఫోల్డర్‌లో `_readme.txt`. అందులో 980 డాలర్లు కట్టమని, 72 గంటల్లోపు మాట్లాడితే 490 చాలని రాసి ఉంది.

ఇది స్టాప్ అనీ డీజేవీయూ అనీ పిలిచే రకం. డీజేవీయూ పేరుతో 2018 చివర్లో బయటపడింది, ఎక్కువగా క్రాక్‌లు, దొంగ లైసెన్స్ కీలు తయారుచేసే కీజెన్‌ల ద్వారానే వస్తుంది. దొంగ అప్‌డేట్ కిటికీ, `_readme.txt` అనే పేరు, 980/490 అంకెలు, ఈ మూడూ కలిస్తే దాదాపు అదే. పెద్ద ఫైలు మొత్తాన్ని అది ముట్టుకోదు, మొదటి 150 కేబీ దాకా మాత్రమే గిలకొడుతుంది. అందుకే అంత వేగంగా వేల ఫైళ్లు చుట్టేస్తుంది. కోరల్‌డ్రా ఫైలైనా ఫోటోషాప్ ఫైలైనా తల భాగం పోతే ఇక తెరుచుకోదు.

ఇక్కడ క్లౌడ్ ఏం చేస్తుందో అర్థం చేసుకోవాలి. వన్‌డ్రైవ్ ప్రోగ్రామ్‌కి ఫోల్డర్‌లో ఏదో ఒక ఫైలు మారిందని మాత్రమే తెలుస్తుంది. మార్చింది మనమా, వైరసా అని అది అడగదు. మారిన ఫైలును పైకి పంపుతుంది, అదే ఖాతా ఉన్న మిగతా కంప్యూటర్లకు దించుతుంది. మేం షాపులో తల పట్టుకుని ఉండగానే ఇంటి నుంచి మా ఆవిడ ఫోన్ చేసి, "ఇక్కడ లాప్‌టాప్‌లో కూడా రీడ్‌మీ అని ఏదో వచ్చిందండీ" అంది. నిజానికి లాప్‌టాప్‌కి వైరస్ సోకలేదు. పాడైన ఫైళ్లు మాత్రమే దిగాయి. తేడా పట్టుకోవడం కష్టం కాదు. అక్కడ వన్‌డ్రైవ్ ఫోల్డర్ బయట ఉన్న ఫోటోలు, డౌన్‌లోడ్‌లు అన్నీ బాగానే ఉన్నాయి. సోకిన కంప్యూటర్‌లో అయితే అవి కూడా తోకలు తగిలించుకునేవి.

వెంటనే చేసిన పని రౌటర్ ఆపేయడం. దాంతో రెండు లాభాలు. పైకి ఎక్కడం ఆగింది, అది ఒకటి. రెండోది నేను ఊహించనిది. పాత సంవత్సరాల కార్డులు చాలావరకు కంప్యూటర్‌లో లేవు, పక్కన మేఘం గుర్తుతో పేర్లు మాత్రమే కనిపిస్తాయి. అలాంటి ఫైలును ఏ ప్రోగ్రామ్ తెరవబోయినా విండోస్ ముందు దాన్ని క్లౌడ్ నుంచి దించాలి. నెట్ లేకపోయేసరికి అవి దిగలేదు, వైరస్ చేతికి చిక్కలేదు.

ఇక అసలు విషయం. ఒక్కో ఫైలు మీద రైట్‌క్లిక్ చేసి `Version history` చూస్తే నిన్నటి కాపీ కనిపిస్తుంది, దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. ఒకటి రెండు ఫైళ్లకైతే ఇది బంగారం. వేల ఫైళ్లకు మనిషి చేసే పని కాదు. పైగా అన్ని రాన్సమ్‌వేర్‌లూ ఒకే పద్ధతిలో పనిచేయవు. కొన్ని ఉన్న ఫైలులోనే రాసి పేరు మారుస్తాయి. అప్పుడు పాత వెర్షన్ ఆ ఫైలు కిందే ఉంటుంది. కొన్ని గిలకొట్టిన కాపీని కొత్త ఫైలుగా రాసి అసలుదాన్ని డిలీట్ చేస్తాయి. అప్పుడు కొత్త ఫైలు వెర్షన్ హిస్టరీ ఖాళీగా ఉంటుంది, అసలుది వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్‌లో పడి ఉంటుంది. హిస్టరీ ఖాళీగా కనపడగానే అంతా పోయిందని ఆశ వదులుకునేవాళ్లు ఉంటారు, బిన్ చూడకుండానే.

`Restore your OneDrive` గొప్పతనం ఇదే. అది ఫైళ్లను చూడదు, జరిగిన పనులను చూస్తుంది. ఫలానా సమయం తర్వాత ఖాతాలో జరిగిన ప్రతి మార్పు, పేరు మార్పు, డిలీట్, కొత్త ఫైలు, అన్నిటినీ ఒకేసారి వెనక్కి తిప్పుతుంది.

మేం చేసిన వరస చెబుతాను, ఎందుకంటే వరస తప్పితే కష్టం వృథా. మొదట సోకిన కంప్యూటర్‌ను నెట్‌కి దూరంగానే ఉంచి డిస్క్ తుడిచి విండోస్ మళ్లీ వేయించాం. ఈ పని కాకముందే రీస్టోర్ చేసేస్తే, ఆ కంప్యూటర్ నెట్‌కి తగలగానే మిగిలిన పాడైన ఫైళ్లను మళ్లీ పైకి పంపుతుంది. తర్వాత శుభ్రంగా ఉన్న వేరే లాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి పాస్‌వర్డ్ మార్చి, అన్ని చోట్లా సైన్ అవుట్ చేసి, రెండంచెల లాగిన్ పెట్టాం. డీజేవీయూతో పాటు బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రామ్ కూడా తరచూ వస్తుంది. ఆ దొంగ ఖాతాలోకి వచ్చి ఫైళ్లన్నీ డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తే రీస్టోర్ పేజీకి తిరిగి తెచ్చేందుకు ఏమీ మిగలదు.

అప్పుడు వెబ్‌లో గేర్ గుర్తు నొక్కి `Options`, అందులో `Restore your OneDrive`. తేదీ దగ్గర నిన్న, వారం క్రితం లాంటివి ఉంటాయి, అవి కాకుండా `Custom date and time` ఎంచుకోవాలి. గత 30 రోజులకు రోజుకో కడ్డీతో ఒక గ్రాఫ్ వస్తుంది. మామూలు రోజుల కడ్డీలు బెత్తెడంత, ఆ రోజుది మాత్రం నిలువెత్తు. చూడగానే కడుపులో భయమూ, ఇంత స్పష్టంగా దొరికిందన్న ఊరటా రెండూ కలిగాయి. కింద ఒక్కో పని, దాని సమయం వరసగా ఉంటాయి. కిందికి దిగుతూ పోయి మొట్టమొదటి తోక తగిలిన ఫైలును పట్టుకున్నాం. దాన్ని ఎంచుకోగానే దాని తర్వాతి పనులన్నీ వాటంతట అవే టిక్ అయ్యాయి. `Restore` నొక్కాం.

నొక్కే ముందు ఇంకో పని చేశాం. రెండో కంప్యూటర్‌లో అదే సమయంలో మా చెల్లెలు ఒక పెళ్లి కార్డుకి ముహూర్తం దిద్ది సేవ్ చేసింది. రీస్టోర్‌కు అది మంచి మార్పు అని తెలియదు, దాన్నీ వెనక్కి తిప్పేస్తుంది. కాబట్టి ఆ ఫైలును ముందే పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెట్టుకున్నాం. ఆ సమయం తర్వాత కొత్తగా పుట్టిన ఫైళ్లు మాత్రం మాయమవవు, బిన్‌లోకి వెళతాయి. అవసరమైతే రీస్టోర్‌నే మళ్లీ రీస్టోర్ చేసి రద్దు చేసుకోవచ్చు, కాబట్టి సమయం కాస్త అటూ ఇటూ అయితే టెన్షన్ పడనక్కర్లేదు.

ఫైళ్లు ఎక్కువైతే గంటలు పడుతుంది. తోకలు ఊడిపోయి పేర్లు ఒక్కొక్కటే మామూలు రూపానికి రావడం చూస్తుంటే, పక్కన కూర్చున్న అబ్బాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అడ్వాన్సులు తీసుకున్న కార్డులన్నీ వచ్చేశాయి. వచ్చినవి నిజంగా తెరుచుకుంటున్నాయా అని ఒక్కో ఫోల్డర్ నుంచి రెండేసి తెరిచి చూసుకోవాలి, పేరు బాగున్నంత మాత్రాన సరిపోదు.

తిరిగి రానివీ ఉన్నాయి. డి డ్రైవ్‌లో వన్‌డ్రైవ్ బయట ఉన్న ఫ్లెక్సీల ఫోల్డర్, కంప్యూటర్‌కి తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ రెండూ పోయాయి. విండోస్ తనంతట తాను దాచుకునే షాడో కాపీలను కూడా ఈ వైరస్ ముందే చెరిపేస్తుంది. పాడైన ఫైళ్లను విడిపించడానికి ఎమ్సీసాఫ్ట్ సంస్థ ఉచితంగా ఇచ్చే డీక్రిప్టర్ పనిచేస్తుందా అని డిస్క్ తుడవకముందే చూశాం. `C:\SystemID\PersonalID.txt`లో ఉన్న ఐడీ చివర `t1` ఉంటే చాలామందికి ఒకటే వాడే ఆఫ్‌లైన్ కీ అన్నమాట, ఆ కీ సంస్థకు దొరికి ఉంటే ఫైళ్లు విడిపించే అవకాశం ఉంటుంది. మా ఐడీ చివర అది లేదు. అంటే మా కంప్యూటర్‌కి విడిగా తయారైన కీ, దాన్ని విప్పే దారి లేదు. వేరేవాళ్లు మాతో పంచుకున్న ఫోల్డర్ ఒకటి కూడా పాడైంది. మా రీస్టోర్ దాన్ని ముట్టుకోదు, ఆ ఫోల్డర్ ఎవరిదో వాళ్లే తమ ఖాతాలో తిప్పుకోవాలి.

ఇక అన్నిటికన్నా గట్టి పరిమితి ఆ 30 రోజులు. మాకు నిమిషాల్లో తెలిసింది కాబట్టి సరిపోయింది. ఎప్పుడో గానీ తెరవని ఫోల్డర్‌లో ఫైళ్లు పాడై, నెలన్నర తర్వాత చూస్తే ఈ పేజీ మీకు పనికిరాదు. పైగా వ్యక్తిగత ఖాతాల్లో ఇది మైక్రోసాఫ్ట్ 365 చందాతో వచ్చే సౌకర్యం. ఫ్రీ ఖాతా మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లు ముందే తమ సెట్టింగ్స్‌లో ఆ పేజీ తెరుచుకుంటుందో లేదో చూసుకోవాలి.

మాలాగా పని ఫైళ్లన్నీ ఒకే ఖాతాలో, రోజూ ఎవరో ఒకరి కళ్లముందు ఉండే చిన్న షాపులకైతే చందా డబ్బు ఈ ఒక్క పేజీకే చెల్లుతుందని నా అభిప్రాయం. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ డేటా లాంటివి, రోజంతా తెరిచే ఉండే ఫైళ్లు ఉన్నవాళ్లకు ఇదే మాట చెప్పలేను, వాటిని సింక్ ఫోల్డర్‌లో పెట్టడమే వేరే చిక్కు. మేమైతే చందా కొనసాగిస్తూనే, వారానికోసారి హార్డ్‌డిస్క్ తగిలించి కాపీ చేసి వెంటనే పీకేసి బీరువాలో పెడుతున్నాం. ఫ్లెక్సీల ఫోల్డర్‌ను కూడా వన్‌డ్రైవ్ లోపలికి మార్చాం.