గాజు మూత పెనంలో మోమోలు: రెండేళ్ల తర్వాత నా మాట

రెండేళ్లుగా మారతహళ్లిలోని మా ఇంట్లో దాదాపు ప్రతి ఆదివారం ఈ పెనం మీద మోమోలు చేస్తున్నాను. నాకు దీనిమీద ఇంత ఇష్టం రావడానికి ఒక్కటే కారణం, గాజు మూత. అంచు చుట్టూ బిగుతుగా కూర్చుంటుంది, ఆవిరి పక్కల నుంచి పోదు.

కొన్న మొదటి నెలలో మాత్రం ఇది నన్ను బాగా ఏడిపించింది. తమ్ముడు వచ్చాడని చికెన్ కీమా కూరి పన్నెండు మోమోలు చేశాను. రెండు చెంచాల నూనెలో అడుగు బంగారు రంగు వచ్చేదాకా వేయించి, నాలుగు చెంచాల నీళ్లు చల్లి, మంట పెద్దదిగానే ఉంచి మూత పెట్టాను. మూడు నిమిషాలకే చిటపటలు మొదలయ్యాయి. అయిపోయిందనుకుని వడ్డించాను. తమ్ముడు ఒకటి కొరికి, "అక్కా, లోపల పచ్చిగా ఉందే" అన్నాడు. విప్పి చూస్తే కీమా మధ్యలో గులాబీ రంగులో జిగటగా ఉంది, అడుగు చూస్తే నల్లబడింది. అన్నీ తీసి ఆవిరి మీద మళ్లీ ఉడికించాల్సి వచ్చింది.

తప్పు నీళ్ల దగ్గర జరిగింది. పెనంలో నీళ్లున్నంతసేపు అడుగు మాడదు, లోపలి కూర ఆవిరికి ఉడుకుతుంది. నీళ్లు ముందే ఇగిరిపోతే ఇక వేగడమే, ఉడకడం ఉండదు. అందుకే ఇప్పుడు అడుగు లేత బంగారు రంగుకు రాగానే సగం టీ గ్లాసు నీళ్లు, అంటే సుమారు 75 మిల్లీలీటర్లు, పెనం అంచు నుంచి పోస్తాను. వేడి నూనె చిందుతుంది కాబట్టి రెండో చేతిలో మూత సిద్ధంగా ఉండాలి. మంట మధ్యస్థంగా పెట్టి ఏడు నిమిషాలు మూత తీయను. ఫ్రీజర్‌లోవైతే కరగనివ్వకుండా అలాగే వేస్తాను, నీళ్లు ఇంకాస్త ఎక్కువ, సమయం పది నిమిషాలు. క్యాబేజీ, క్యారెట్ కూరినవాటికి ఐదు చాలు. చివర్లో మూత తీసి, మిగిలిన తడి ఇగిరేదాకా ఒకటి రెండు నిమిషాలు ఉంచితే అడుగు మళ్లీ కరకరలాడుతుంది.

గాజు మూత కాబట్టి లోపల అంతా కనిపిస్తుందని మొదట్లో అందరికీ చెప్పాను. నిజానికి నిమిషంలోనే ఆవిరి పట్టి ఏమీ కనిపించదు. చెవికే పని. నీళ్లున్నప్పుడు గుడగుడమంటుంది, ఇగిరాక చిటపటమంటుంది. ఏడు నిమిషాలకు ముందే చిటపట వినిపిస్తే రెండు చెంచాల నీళ్లు పోసి మళ్లీ మూసేస్తాను. చికెన్ అయితే అన్నిటికంటే లావుగా ఉన్న మోమోను విప్పి చూడనిదే వడ్డించను. థర్మామీటర్ ఉన్నవాళ్లకు లెక్క, మోమో లోపలి కూర మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్.

ఈ మధ్య నడిమధ్య పూత పలచబడింది. అక్కడ పెట్టిన రెండు మూడు మోమోలు అంటుకుని, తీసేటప్పుడు అడుగు ఊడిపోతోంది. మేమిద్దరమే కాబట్టి అంచుల వెంట తొమ్మిది పేర్చుకుని సరిపెట్టుకుంటున్నాను. ఇంట్లో ఐదారుగురు ఉంటే మాత్రం ఈ సైజు చాలదు, మూడు వాయిలు వేయాల్సి వస్తుంది.