మూడేళ్లు వాడాక వాట్సాప్ బిజినెస్: ఐదుగురు టైప్ చేసినా షాపు మాట ఒక్కటిగా ఉంటుందా?

తిరుపతిలో మాది చిన్న చీరల షాపు. ఎక్కువగా శ్రీకాళహస్తి కలంకారీ అమ్ముతాం. మామగారు పెట్టిన షాపు. ఇప్పుడు ఆయన, మా ఆయన, నేను, డిగ్రీ చదివే మా అమ్మాయి, పనిలో ఉన్న ఇంకో అమ్మాయి కలిసి నడుపుతున్నాం. మూడేళ్లుగా షాపు నంబరు మీద వాట్సాప్ బిజినెస్ వాడుతున్నాం. అసలు ఫోన్‌తో పాటు మరో నాలుగు ఫోన్లు గానీ కంప్యూటర్లు గానీ దానికి కలుపుకోవచ్చు. అలా ఐదుగురి చేతుల్లోనూ అదే నంబరు ఉంది. అవతలివాళ్లకు మాత్రం కనిపించేది షాపు పేరు ఒక్కటే.

ఇబ్బంది అక్కడే మొదలైంది. మామగారు "ఏమ్మా, బాగుండావా" అని వాయిస్ మెసేజ్ పెడతారు. మా ఆయన "ఉంది", "లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మా అమ్మాయి "హాయ్ అక్కా" అని మొదలుపెట్టి మూడు పూల బొమ్మలు పెడుతుంది. పనిలో ఉన్న అమ్మాయి ఎవరినైనా సార్ అనేది, ఆడవాళ్లను కూడా. పలకరింపుల తేడాలు కొనేవాళ్లు సర్దుకుపోతారులే అని మొదటి ఏడాది నేను పెద్దగా పట్టించుకోలేదు.

బెంగళూరు నుంచి ఒకావిడ పెన్ కలంకారీ కాటన్ చీర అడిగిన రోజు నాకు విషయం అర్థమైంది. రంగు పోతుందా అని ఆవిడ శుక్రవారం అడిగితే మా ఆయన "పోదు, గ్యారంటీ" అని రాశారు. డబ్బు కట్టే ముందు శనివారం ఆవిడ మళ్లీ అదే అడిగింది. ఈసారి మా అమ్మాయి "సహజ రంగులు కదా అక్కా, మొదట్లో కొంచెం పోతుంది" అంది. ఆవిడ రెండు మెసేజ్‌లనూ స్క్రీన్‌షాట్ తీసి పంపి, "ఇందులో ఏది నమ్మాలి?" అని ఒకే ప్రశ్న వేసింది. మా అమ్మాయి చెప్పిందే నిజం. కరక్కాయ, పాలల్లో నానబెట్టిన గుడ్డ మీద బెల్లం, ఇనుప ముక్కలు నానబెట్టి పులియబెట్టిన నలుపుతో గీస్తారు. మిగతా రంగులు కూడా చెట్ల నుంచీ వేళ్ల నుంచీ తీసినవే. వాటిలో మొదట కొంత వదులుతుంది. మా ఆయన అబద్ధం చెప్పాలని చెప్పలేదు. బొమ్మలు చెరిగిపోవు అన్నది ఆయన ఉద్దేశం. కానీ ఆవిడ అడిగింది అది కాదు. చీర అమ్ముడుపోలేదు, అది న్యాయమే.

మాట తీరు కన్నా ముందు, మాట ఇచ్చే చోట ఐదుగురం ఒకటి కావాలని అప్పుడు కూర్చుని మాట్లాడుకున్నాం. ఈ యాప్‌లో మాకు అన్నిటికన్నా ఉపయోగపడింది క్విక్ రిప్లైలు. ముందే రాసి పెట్టుకున్న జవాబుకు ఒక చిన్న పేరు ఇస్తే, `/` కొట్టి ఆ పేరు టైప్ చేయగానే మొత్తం జవాబు వస్తుంది. యాభై దాకా పెట్టుకోవచ్చు. మాకు పదకొండు సరిపోయాయి. మా ఆయన కీబోర్డు ఎప్పుడూ ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టాం. రంగు గురించి ఇది:

```
/rangu
ఇది పెన్ కలంకారీ. బొమ్మలు కలంతో చేత్తో
గీసినవి, రంగులు సహజమైనవి. మొదటి
ఉతుకుల్లో కొంచెం రంగు వదులుతుంది. చల్లటి
నీళ్లలో విడిగా ఉతికి, నీడలో ఆరేయండి. ఫోటోకీ
చీరకీ రంగులో కొద్దిగా తేడా ఉంటుంది.
```

ఈ ఐదు వాక్యాలకు మాకు రెండు సాయంత్రాలు పట్టింది. "చేత్తో గీసినవి" అన్న మాట మీదే పెద్ద చర్చ జరిగింది. కలంకారీ బొమ్మలు వేసిన స్క్రీన్ ప్రింట్ చీరలు కూడా మా దగ్గర ఉంటాయి. వాటిని కూడా కలంకారీ అనేస్తే, చేత్తో గీసిన చీర ధర ఎందుకు అంత ఎక్కువో కొనేవాళ్లకు ఎప్పటికీ అర్థం కాదు. ప్రింట్ చీరను "కలంకారీ డిజైన్ ప్రింట్" అని తప్ప వేరేలా రాయకూడదని మామగారే తేల్చారు. తమిళంలో అడిగేవాళ్లకు ఇదే జవాబును పనిలో ఉన్న అమ్మాయి తమిళంలో రాసి పెట్టింది. ఆమెది చిత్తూరు, రెండు భాషలూ వచ్చు.

పలకరింపుకు మేము పెట్టుకున్న పద్ధతి చిన్నది. పేరు తెలిస్తే గారు చేరుస్తాం, తెలియకపోతే నమస్కారం చెప్పి నేరుగా విషయంలోకి వెళ్తాం. అక్కా, అన్నా, ఆంటీ వద్దు, ఫోటో చూసి వయసు అంచనా వేస్తే తప్పుతుంది. ఇంకొకటి, "నేను చూసి చెప్తాను" అని రాయకూడదు, "చూసి చెప్తాం" అనాలి. "నేను" అన్న మనిషి మధ్యాహ్నం భోజనానికి వెళ్తే ఆ మాట ఎవరిదీ కాకుండా పోతుంది. "చెప్తాం" అంటే తర్వాత ఫోన్ పట్టుకున్నవాళ్లది కూడా అవుతుంది.

యాప్‌లో లోటు లేకపోలేదు. ఏ మెసేజ్ మాలో ఎవరు రాశారో లోపల మాకే తెలియదు. ఎవరైనా ఒకరు తెరిచి చూస్తే చాలు, అవతల నీలం టిక్కులు పడతాయి. చూసి కూడా జవాబు ఇవ్వలేదని కొనేవాళ్లు అనుకుంటారు. దీనికి మేము లేబుళ్లు వాడుతున్నాం. చాట్ తెరిచినవాళ్లు దానికి తమ లేబుల్ తగిలిస్తారు, బేరం ముగిసేదాకా వాళ్లే చూస్తారు. లేబుల్ కొనేవాళ్లకు కనిపించదు. రంగు, ధర లాంటి మాట తప్పుగా వెళ్తే పదిహేను నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు. అది దాటితే దిద్దడం కుదరదు, తప్పు ఒప్పుకుని ఇంకో మెసేజ్ రాస్తాం.

యాప్ తనంతట తానే పంపే గ్రీటింగ్ మెసేజ్ విషయంలో జాగ్రత్త. మొదటిసారి రాసినవాళ్లకే కాదు, పద్నాలుగు రోజులు ఏ మాటా లేకుండా మళ్లీ రాసినవాళ్లకు కూడా అది వెళ్తుంది. "మా షాపుకు స్వాగతం, మీరు ఎవరో చెప్పండి" అని పెట్టుకున్నాం. మామగారి కాలం నుంచి మా దగ్గరే కొంటున్న మదనపల్లె పెద్దావిడ నొచ్చుకుని ఫోన్ చేసింది. అప్పటి నుంచి అందులో "నమస్కారం. మీ మెసేజ్ చూశాం, కాసేపట్లో జవాబు ఇస్తాం" అని మాత్రమే ఉంది. కొత్తవాళ్లకూ పాతవాళ్లకూ అది సరిపోతుంది.

క్విక్ రిప్లైలు మరీ ఎక్కువైతే అతికించినట్టు ఉంటుంది, దాన్ని కూడా చూశాం. పెళ్లికి నాలుగు రోజుల్లో చీర కావాలని ఒకామె కంగారుగా రాస్తే, మా వైపు నుంచి కొరియర్ జవాబు మక్కీకి మక్కీ వెళ్లింది. ఆమె కంగారును ఎవరూ విన్నట్టే లేదు. ఇప్పుడు సిద్ధంగా ఉన్న జవాబుకు ముందు, ఆ మనిషి అడిగినదానికి సొంతంగా ఒక వాక్యం రాయడం తప్పనిసరి చేశాం.

ఆదివారం రాత్రి నేను ఆ వారం చాట్లు ఇరవై దాకా చదువుతాను. మొదట్లో దాదాపు ప్రతి మెసేజ్‌కీ రాసింది ఎవరో చెప్పగలిగేదాన్ని. ఇప్పుడు నాకు తేలిగ్గా తెలిసిపోయేవి మామగారి వాయిస్ మెసేజ్‌లే. వాటిని ఆపమని నేను అడగలేదు. పాత కొనుగోలుదారులు ఆ గొంతు కోసమే రాస్తారు. రంగు, ధర, కొరియర్ మాత్రం వాయిస్‌లో చెప్పకుండా రాతలోనే పంపడానికి ఆయన ఒప్పుకున్నారు. ఆయన మాట్లాడాక పక్కన ఉన్నవాళ్లు `/rangu` కొడతారు.