ఎనిమిది 2114 చిప్పుల మెమరీ బోర్డు: పదకొండేళ్ళు వాడాక

మా ల్యాబ్ కోనసీమలో, కాలువ గట్టును ఆనుకుని ఉంటుంది. 8085 ట్రైనర్ కిట్‌కి తగిలించడానికి ఈ మెమరీ బోర్డు తెప్పించి పదకొండేళ్ళయింది. డిప్లొమా పిల్లలు ఏటా దీనిమీద చెయ్యి తిప్పుతూనే ఉన్నారు. ఇప్పటికీ రోజూ వాడుతున్నాను కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

బోర్డు మీద 2114 ర్యామ్ చిప్పులు ఎనిమిది ఉంటాయి, అడ్డంగా నాలుగు వరసలు, వరసకి రెండు. ఒక్కో చిప్పులో 1024 గళ్ళు, గడికి నాలుగే బిట్లు. 8085కి బైట్ అంటే ఎనిమిది బిట్లు, అందుకే జత కట్టారు. జతలో రెండింటికీ అడ్రస్ లైన్లు, చిప్ సెలెక్ట్, రైట్ లైను ఒక్కటే. డేటా లైన్లు మాత్రం వేరు: కుడి చిప్పుకి D0–D3, ఎడమ చిప్పుకి D4–D7. ఒకే కాడికి కట్టిన జోడెడ్లలాగా రెండూ ఒకే అదిలింపుకి కదులుతాయి, ఎవరి సగం బరువు వాళ్ళు లాగుతాయి.

ఇలాంటి జతలు నాలుగు, మొత్తం 4K బైట్లు. A0–A9 అన్ని చిప్పులకీ వెళ్తాయి. ఏ జత పలకాలో తేల్చేది 74LS138 డీకోడర్. దానికి A10, A11, A12 ఇస్తే ఎనిమిది అవుట్‌పుట్లలో ఒక్కటే కిందికి దిగుతుంది. లాకుల దగ్గర ఒక్క తూము ఎత్తి మిగతావన్నీ దించి ఉంచినట్టు. A13 ఒకటిగా ఉంటేనే డీకోడర్ పనిచేస్తుంది. పటం ఇలా వస్తుంది:

```
0000–1FFF  కిట్ ఈప్రామ్
2000–23FF  Y0  మొదటి జత
2400–27FF  Y1  రెండో జత
2800–2BFF  Y2  మూడో జత
2C00–2FFF  Y3  నాలుగో జత
3000–3FFF  Y4–Y7 ఖాళీ
8000–87FF  కిట్ ర్యామ్
```

చేసినవాళ్ళు ఒక పని చాలా బాగా చేశారు. 2114కి విడిగా అవుట్‌పుట్ ఎనేబుల్ కాలు లేదు. సెలెక్ట్ దిగి, రైట్ దిగకపోతే చాలు, డేటా బయటికి పంపేస్తుంది. 8085లో అడ్రస్ కింది ఎనిమిది బిట్లూ డేటా తీగల మీదే ముందుగా వస్తాయి కాబట్టి, చిప్పు తొందరపడితే రెండూ ఢీకొంటాయి. అందుకని మెమరీ రీడ్, మెమరీ రైట్ సిగ్నళ్ళను ఒక యాండ్ గేటులో కలిపి, డీకోడర్ పనిచేయాలంటే దిగి ఉండాల్సిన G2A, G2B కాళ్ళలో G2Bకి ఇచ్చారు. రెండిట్లో ఏదో ఒకటి దిగేదాకా ఏ జతా నోరెత్తదు. పదకొండేళ్ళలో ఆ వైపునుంచి ఒక్క ఇబ్బందీ రాలేదు.

G2Aని మాత్రం నేరుగా గ్రౌండుకి కట్టేశారు. A14, A15లను అసలు పట్టించుకోలేదు. కిట్ ఒక్కటే ఉన్నన్నాళ్ళూ ఇది బయటపడలేదు, ఎందుకంటే కిట్ మెమరీ ఉన్నచోట్ల A13 సున్నా. రెండేళ్ళ తర్వాత 6264 చిప్పు ఒకటి A000 నుంచి BFFF దాకా పెట్టాను. 8K కావాలి, ఆ జాగా ఖాళీ అనుకున్నాను. ప్రతి గడిలో రాసి చదివి చూశాను, అన్నీ సరిగా ఉన్నాయి.

మర్నాడు ఒకబ్బాయి వచ్చి, “మాస్టారూ, ప్రోగ్రామ్ ఒకసారి నడుస్తోందండి, రెండోసారి నడవట్లేదండి” అన్నాడు. అతని ప్రోగ్రామ్ 2000లో మొదలవుతుంది, జవాబు A000లో రాస్తుంది. మొదటి ఆజ్ఞ `LXI H,A000H`, అంటే బైట్లు 21 00 A0. నడిపాక 2000లో చూస్తే 21 లేదు, 3C ఉంది. ఆ 3C అతని జవాబే. 8085 దాన్ని `INR A` అని చదువుతుంది, తర్వాతి రెండు బైట్లనీ వేరే ఆజ్ఞలుగా తీసుకుంటుంది. ఇక HLలో అడ్రస్ ఎలా పడుతుంది?

21 మళ్ళీ కొట్టి A000 చూపించమన్నాను. 3C రావాలి, 20 వచ్చింది. ఆ అంకె చూడగానే అర్థమైంది. 3C, 21 రెండిట్లోనూ ఒకటిగా ఉన్న బిట్టే అందులో మిగిలింది. అంటే రెండు చిప్పులు ఒకేసారి పలుకుతున్నాయి, సున్నా లాగేది గెలుస్తోంది. A15ని చూడని డీకోడర్‌కి A000, 2000 ఒక్కటే. 6000, E000 కూడా ఆ జతే. B000 నుంచి మాత్రం బాగుంది, ఎందుకంటే అక్కడ A12 ఒకటి, డీకోడర్ ఖాళీగా ఉన్న Y4 వైపు వెళ్తుంది.

ముందురోజు నా పరీక్షలో ఇది ఎందుకు దొరకలేదంటే, రాసిన వెంటనే చదివాను. రాసినప్పుడు రెండు చోట్లా ఒకే విలువ పడింది, చదివినప్పుడు రెండూ అదే చెప్పాయి. అప్పటినుంచి అడ్రస్ నుంచే పుట్టే విలువతో నింపుతున్నాను. ఈ ముక్కని కిట్ సొంత ర్యామ్‌లోనే పెట్టాలి:

```
      LXI H,2000H
L1:   MOV A,H
      XRA L
      MOV M,A
      INX H
      MOV A,H
      CPI 30H
      JNZ L1
```

ఇదే, మొదలు A000H, CPI విలువ B0Hగా మార్చి, A000–AFFFకి కూడా నడిపి, రెండూ నిండాకే 2000 నుంచి చదివి పోల్చుతాను. ఒక్క అడ్రస్ బిట్ తేడా ఉన్నా విలువ మారుతుంది, కాబట్టి తెగిన లైను గానీ ఇలాంటి నీడ గానీ దాక్కోలేవు. అడ్రస్ కింది బైట్ ఒక్కటే రాస్తే చాలదు, 2000కీ 2400కీ అది 00యే.

మరమ్మతు అరగంట పని. G2A దగ్గర గ్రౌండు ట్రాకు కోసి, A14, A15లను 74LS32లో ఒక ఆర్ గేటు గుండా దానికి ఇచ్చాను. రెండూ సున్నాగా ఉంటేనే బోర్డు పలుకుతుంది. ఇంతా చేసి అమ్మినవాళ్ళు ఈ ఒక్క గేటు దగ్గర పొదుపు చేయడం నాకు ఇప్పటికీ బాధే, పటంలో నాలుగు చోట్ల కనిపిస్తుందని కాగితంలో రాసినా సరిపోయేది.

రెండో లోటు సాకెట్లు. మా ఉప్పుగాలికి, వానాకాలం చెమ్మకి రేకు సాకెట్లు పచ్చబారిపోతాయి. ఒక శ్రావణంలో 2800 దగ్గర 3C రాస్తే FC వచ్చింది, 2400 దగ్గరా 2C00 దగ్గరా బాగానే ఉంది. అడ్రస్ మూడో జత అని చెప్పేసింది. పై నాలుగు బిట్లే పాడయ్యాయి కాబట్టి ఎడమ చిప్పు. మా బోర్డులో డేటా లైన్లకు పుల్-అప్ రెసిస్టర్లు ఉన్నాయి, పలకని సగం F గా కనిపిస్తుంది. ఎడమ కుడి చిప్పులు మార్చి పెట్టాను, తప్పు చిప్పు వెంట పోలేదు, ఎడమనే ఉండిపోయింది. అంటే సాకెట్. ఎనిమిదో కాలు, చిప్ సెలెక్ట్‌ది, స్ప్రింగు నల్లబడి వదులైంది. ఎనిమిదింటికీ గుండ్రటి పిన్నుల సాకెట్లు వేశాక మళ్ళీ ఆ ఫిర్యాదు రాలేదు.

వేడి గురించీ చెప్పాలి. ఎనిమిది చిప్పులూ కలిసి మా మీటరులో అర ఆంపియరు దాటుతాయి, 7805కి మంచి హీట్‌సింక్ ఉండాల్సిందే. మెమరీ ఒక్కటే కావాలంటే ఈ బోర్డు వద్దు, ఒక్క 6264 ఇంతకి రెట్టింపు ఇస్తుంది, కరెంటూ తక్కువ. వెడల్పు, లోతు పిల్లల చేత పట్టించడానికైతే మళ్ళీ ఇదే కొంటాను, పెట్టె విప్పిన రోజే A14, A15 ఎక్కడికి వెళ్తున్నాయో మీటరుతో చూసుకుని.